మూడోసారి రిజిస్ట్రేషన్ వాయిదా అడుగుతున్నారు. ఒక్క చివరి తేదీ ఇచ్చి "ఇక కుదరదు" అని ఎలా రాయాలి?

ఖమ్మం_శారద (జులై 27)

అందరికీ నమస్కారం. ఘట్‌కేసర్ దగ్గర మాకు 200 గజాల ఓపెన్ ప్లాట్ ఉంది. గజం 21 వేల చొప్పున 42 లక్షలకు బేరం కుదిరింది. ఏప్రిల్ 10న అగ్రిమెంట్ రాసుకున్నాం, 5 లక్షలు అడ్వాన్స్ తీసుకున్నాను. 60 రోజుల్లో, అంటే జూన్ 9లోగా రిజిస్ట్రేషన్ అవ్వాలి.

జూన్ మొదటి వారంలో బ్యాంకు లోన్ ఆలస్యమైందని అడిగితే 24కు సరే అన్నాను. 24 దగ్గరికొచ్చేసరికి "ఆషాఢం వస్తోంది మేడమ్, మా ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు" అన్నారు. దానికీ సరే అని జులై 30 అనుకున్నాం. ఈ రెండూ వాట్సాప్‌లో ఉన్నాయి. నిన్న మళ్లీ కబురు: "వినాయక చవితి వెళ్లాక పెట్టుకుందాం." అదీ నేరుగా కాదు, మా కొలీగ్ ద్వారా. కొన్నాయన ఆ కొలీగ్‌కు బావమరిది. మొహమాటం అంతా అక్కడే ఉంది.

ఇక మార్చను. అలాగని ఒక్కసారిగా తలుపు మూసేయాలనీ లేదు. ఒక్క తేదీ ఇస్తాను, అదే ఆఖరు. ఈ మాట గట్టిగా, కానీ గొడవ కాకుండా ఎలా రాయాలి? అన్నట్టు ఖమ్మంలో నేనొక ఫ్లాట్ కొంటున్నాను. దానికి ఆగస్టు 20లోగా డబ్బు కట్టాలి.

మూర్తి_నల్లకుంట (జులై 27)

రాయడానికి ఏముందండీ. అగ్రిమెంట్ 60 రోజులు, గడువు దాటిపోయింది. దానంతటదే రద్దయినట్టు. అడ్వాన్స్ మీదే. రేపే వేరేవాళ్లకు చూపించి అమ్మేయండి. ఫోన్ బ్లాక్ చేయండి, పీడా పోతుంది. మన మంచితనం చూసే వీళ్లు ఇలా ఆడుకునేది.

నవీన్_ఉప్పల్ (జులై 27)

మేడమ్, స్లాట్ తేదీ మార్చుకోవడం రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లోనే చేసుకోవచ్చు, ఆఫీసుకు లెటర్ పెట్టక్కర్లేదు. మూడోసారి ఒప్పుకోకపోతే మీ సేవలో అడగండి.

ఖమ్మం_శారద (జులై 27)

నవీన్ గారూ, ఇంకా స్లాటే బుక్ అవ్వలేదండి. వాయిదా అడుగుతున్నది కొనేవాళ్లు, నేను కాదు. నేను ఒప్పుకోను అని రాయాలి.

పాత_దస్తావేజు (జులై 28)

శారద గారూ, నేను దస్తావేజులు రాసే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. వకీలును కాను. ఉత్తరం పంపేముందు ఒక వకీలుకు చూపించండి. నాకు తెలిసినంతవరకు చెబుతాను.

మూర్తి గారి మాటలో సగమే నిజం. అగ్రిమెంట్‌లో 60 రోజులని ఉన్నంత మాత్రాన 61వ రోజున అది చచ్చిపోదు. స్థిరాస్తి అమ్మకాల్లో గడువు మామూలుగా ముఖ్య షరతు కాదని, కాగితంలోని మాటలు, ఇద్దరి నడవడిక చూసి తేల్చాలని 1992లో చాంద్ రాణి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. పైగా మీరు రెండుసార్లు వాట్సాప్‌లో సరే అన్నారు. కాబట్టి జూన్ 9 ఇప్పుడు లేనట్టే. మీరిద్దరూ కలిసే దాన్ని దాటించారు. ఈ స్థితిలో ఫోన్ బ్లాక్ చేసి వేరేవాళ్లకు అమ్మితే, రేపు కోర్టులో మాట తప్పిన మనిషిగా మీరు కనిపిస్తారు.

అందుకే మీరు అనుకున్న దారే సరైనది. పోయిన గడువును మళ్లీ బతికించాలంటే, సరిపడా వ్యవధి ఇచ్చి, ఇదే చివరి తేదీ, ఇది ముఖ్య షరతు అని కాగితం మీద చెప్పాలి. జులై 30కే పట్టుబట్టే హక్కు మీకుంది. కానీ నోరు తిరిగే వకీలు ఎవరైనా "రెండు రోజుల్లో 37 లక్షలు ఎలా తెస్తాడు?" అని అడుగుతాడు. ఓ రెండు వారాలు ఇచ్చారంటే ఆ ప్రశ్నకు చోటుండదు.

ఇంకో మాట. ఆయన "చవితి వెళ్లాక" అంటున్నారు. చవితి వెళ్లాక కొద్ది రోజులకే పితృపక్షాలు. అప్పుడు రిజిస్ట్రేషన్ చేసుకోరు. ఆ తర్వాత దసరా అంటారు. నాలుగో వాయిదా పంచాంగంలో ఇప్పటికే రాసిపెట్టి ఉంది. మీరు ఇచ్చే తేదీ శ్రావణంలోనే ఉండాలి, అదీ మీ పురోహితుడికి చూపించి పెట్టండి. మంచిరోజు కాదనే మాట రాకూడదు.

తెనాలి_పద్మ (జులై 28)

మా అమ్మ ఇల్లు అమ్మినప్పుడు అచ్చం ఇదే. ఒకసారి కూతురి పెళ్లి, ఒకసారి చిట్టీ రాలేదు, ఒకసారి ఆయనకే ఒంట్లో బాలేదు. అమ్మ అన్నీ ఫోన్‌లోనే సరే అంది. ఒక్క కాగితం లేదు. చివరికి అమ్మ వేరేవాళ్లతో మాట్లాడుతోందని తెలిసి ఆయన కోర్టుకు వెళ్లాడు, "నేను డబ్బుతో సిద్ధంగా ఉన్నా, వాళ్లే రాలేదు" అని. అది ఇప్పటికీ నడుస్తోంది. కాగితం ఉండి ఉంటే ఎలా ఉండేదో ఏమో. శారద గారూ, మీ కొలీగ్‌తో మాత్రం ఏమీ చెప్పించకండి. మధ్యవర్తి నోట్లోంచి వచ్చేసరికి "కుదరదు" కాస్తా "చూద్దాం" అయిపోతుంది.

కొనేవాడి_వైపు (జులై 28)

కొంచెం ఇటువైపు కూడా చూడండి. నేను ప్లాట్ కొన్నప్పుడు బ్యాంకు నిజంగానే రెండు నెలలు తిప్పింది. ప్లాట్ లోన్లు ఇంటి లోన్లంత తేలిక కాదు. అమ్మినాయన నన్ను మోసగాడిలా చూశాడు, ఇప్పటికీ బాధగా ఉంటుంది. అడిగే ప్రతివాడూ ఆడుకుంటున్నట్టు కాదు.

పాత_దస్తావేజు (జులై 28)

నిజమే. కానీ అది తెలుసుకునే మార్గం ఉంది. లోన్ ఫైలు నిజంగా నడుస్తుంటే దాని చప్పుడు అమ్మేవాళ్లకు వినిపిస్తుంది. బ్యాంకు వకీలు లింకు డాక్యుమెంట్ల జిరాక్సులు అడుగుతాడు. ప్లాట్ మీద తాకట్టు, వేరే లావాదేవీలు ఏమైనా ఉన్నాయో చూపే ఈసీ అడుగుతాడు. విలువ కట్టే ఇంజినీరు ప్లాట్ దగ్గరకు వచ్చి హద్దులు చూస్తాడు. శారద గారూ, ఈ మూడు నెలల్లో ఇందులో ఏదైనా జరిగిందా? శాంక్షన్ లెటర్ చూపించారా?

ఖమ్మం_శారద (జులై 28)

ఎవరూ ఏ డాక్యుమెంటూ అడగలేదండి. శాంక్షన్ లెటర్ చూడలేదు. ఇంకోటి: పక్క ప్లాట్‌లో ఇల్లు కడుతున్నారు, అక్కడి వాచ్‌మన్ నంబరు నా దగ్గరుంది. ఈ నెలలో రెండు కుటుంబాలు వేర్వేరుగా వచ్చి మా ప్లాట్ కొలుచుకుని వెళ్లాయట, వెంట మా కొనుగోలుదారు కూడా ఉన్నాడట. బంధువులేమో అనుకున్నాను.

పాత_దస్తావేజు (జులై 28)

అయితే విషయం దాదాపు అర్థమైంది. అగ్రిమెంట్ మీద తిప్పుతున్నాడు. 5 లక్షలు పెట్టి మీ ప్లాట్‌ను చేతిలో ఉంచుకుని, 42 కంటే ఎక్కువకు మూడో మనిషిని వెతుకుతున్నాడు. దొరికితే తన లాభం పక్కకు తీసుకుని, రిజిస్ట్రేషన్ నేరుగా ఆ మనిషి పేరు మీద చేయమంటాడు. హైదరాబాద్ చుట్టుపక్కల ఇది కొత్తేమీ కాదు. మీ అగ్రిమెంట్‌లో "కొనుగోలుదారు లేదా వారు సూచించిన వారి పేరున" అనే ముక్క ఉందో లేదో చూసుకోండి. ఉంటే అలా అడిగే హక్కు ఆయనకు ఉంటుంది. అదేం నేరం కాదు. కానీ ఆయనకు మనిషి దొరికేదాకా మీరు ఆగాలని ఎక్కడా లేదు.

ఇంకో సంగతి. ఆగస్టు 20న మీరు డబ్బు కట్టాలన్న విషయం ఉత్తరంలో రాయకండి, కొలీగ్‌తోనూ అనకండి. మీకు తొందర ఉందని తెలిస్తే వాయిదా బదులు ధర తగ్గించమని అడుగుతాడు.

ఖమ్మం_శారద (జులై 29)

ఆ ముక్క లేదండి, ఆయన పేరే ఉంది. కొలీగ్‌కు ఫ్లాట్ విషయం ముందే తెలుసు, అది ఇప్పుడు వెనక్కి తీసుకోలేను. ఇలా రాశాను, చూడండి:

"గౌరవనీయులైన ... గారికి, మీ ఇబ్బంది నాకు అర్థమవుతోంది. కానీ మా కుటుంబ పరిస్థితుల వల్ల, ఇప్పటికే రెండుసార్లు మార్చినందువల్ల, వినాయక చవితి తర్వాత అంటే నాకు కొంచెం కష్టం. దయచేసి ఆగస్టు 11, 13 లేదా 14 తేదీల్లో మీకు వీలైన రోజు రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం. లేకపోతే నేను వేరే ఆలోచన చేయాల్సి వస్తుంది. అర్థం చేసుకుంటారని ఆశిస్తున్నాను."

వంశీ_డాలస్ (జులై 29)

అక్కా, మూడు తేదీలు ఇస్తే నాలుగోది అడుగుతాడు. నేను ఇక్కడి నుంచి వచ్చి గుంటూరులో పొలం అమ్మినప్పుడు ఒకే మాట చెప్పాను: "ఫలానా రోజు నా తిరుగు ఫ్లైట్, దానికి ముందు రోజు రిజిస్ట్రేషన్, లేదంటే లేదు." అందరూ ఒక గంట ముందే వచ్చి కూర్చున్నారు.

కొనేవాడి_వైపు (జులై 29)

మీకు ఫ్లైట్ ఉంది కాబట్టి చెల్లింది. ఒకే తేదీ అంటే బెదిరింపులా ఉంటుంది. కనీసం రెండు ఇవ్వండి. మనిషికి ఎంచుకునే వీలు ఇస్తే కోపం రాదు.

పాత_దస్తావేజు (జులై 29)

మొదటి వాయిదా అయితే రెండు తేదీలు ఇవ్వమనే నేనూ చెప్పేవాడిని. మూడోసారికి కాదు. రెండు తేదీలు రాస్తే ఏది చివరి తేదీ అనేదే వాదనకు వస్తుంది. గడువు ఎప్పుడు ముగిసిందో చెప్పలేని ఉత్తరానికి విలువ లేదు. ఆయన సౌకర్యం చూడాలనుకుంటే తేదీ పెట్టే ముందు చూడండి. పెట్టాక వద్దు.

మీ ముసాయిదాలో నేను కొట్టేసేవి ఇవి. "కొంచెం కష్టం" అంటే ఇంకొంచెం అడగమన్నట్టే ఉంది. "కుటుంబ పరిస్థితులు" అన్నారంటే ఏం పరిస్థితులు అని ఫోన్ వస్తుంది. కారణం చెప్పాల్సిన బాధ్యత అడిగినవాడిది. "వేరే ఆలోచన" అంటే ఏమిటో ఎవరికీ తెలియదు, కోర్టుకు అసలే తెలియదు. ఏమవుతుందో సూటిగా రాయండి. "గౌరవనీయులైన", "గారు" మాత్రం అలాగే ఉండనివ్వండి. మర్యాద తగ్గించినంత మాత్రాన మాటకు బలం రాదు.

ముఖ్యమైనది ఒకటి మిగిలింది. స్టాంప్ డ్యూటీ కట్టేది కొనేవాడు. అన్నీ కలిపి ఏడున్నర శాతం, 42 లక్షలకు 3 లక్షల 15 వేలు. చలానా ఆయన కడితేనే స్లాట్. మీరు "13న రండి" అని రాసి ఊరుకుంటే, 12వ తేదీ రాత్రి "స్లాట్ దొరకలేదు మేడమ్" అని మెసేజ్ వస్తుంది. అందుకని చలానాకు, స్లాట్ రసీదుకు వేరే గడువు, 13 కంటే ముందే పెట్టండి. 8న వరలక్ష్మీ వ్రతం, 9 రెండో శనివారం. కాబట్టి 7వ తేదీ గురువారం సాయంత్రం. ఆ రోజు గడిచిందంటే ఆయన వస్తాడో రాడో మీకు ముందే తెలిసిపోతుంది.

మూర్తి_నల్లకుంట (జులై 29)

అడ్వాన్స్ జప్తు చేస్తానని పెద్ద అక్షరాలతో రాయండి. 5 లక్షలు పోతాయంటే పరిగెత్తుకుంటూ వస్తాడు. ఈ సున్నితాలన్నీ దండగ.

పాత_దస్తావేజు (జులై 29)

మూర్తి గారూ, అగ్రిమెంట్‌లో ఆ షరతు ఉంటే, ఇచ్చిన డబ్బు బయానాగా, అంటే మాట తప్పనని హామీగా ఇచ్చినదే అయితే, జప్తు చెల్లుతుందని 2012లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. కానీ ధరలో భాగంగా ఇచ్చిన సొమ్మయితే లెక్క వేరు. 42లో 5 అంటే సుమారు 12 శాతం. ఇది బయానానా, ధరలో భాగమా అనేది ఆ కాగితంలో ఏ మాట వాడారో చూసి తేల్చాలి. శారద గారూ, ఏమని ఉంది?

ఖమ్మం_శారద (జులై 29)

"బయానా మరియు అమ్మకపు సొమ్ములో భాగముగా" అని ఉంది. రెండూ ఉన్నాయి! కింద ఒక చోట "కొనుగోలుదారు తప్పినచో బయానా తిరిగి ఇవ్వబడదు" అని కూడా ఉంది.

పాత_దస్తావేజు (జులై 29)

నాలాంటి దస్తావేజు రాసేవాడే ఎవరో పాత కాగితం చూసి దించేసి ఉంటాడు. అందుకే ఉత్తరంలో జప్తు అని బెదిరించకండి, తిరిగి ఇస్తానని మాటా ఇవ్వకండి. "అడ్వాన్స్ విషయంలో అగ్రిమెంట్ షరతు వర్తిస్తుంది" అన్న ఒక్క వాక్యం చాలు. ఆ తర్వాత సంగతి వకీలు చూసుకుంటాడు.

తెనాలి_పద్మ (జులై 29)

నేనైతే డబ్బు తిరిగి ఇచ్చేసి, రద్దు కాగితం మీద సంతకం తీసుకోమంటాను. 5 లక్షలు ఉంచుకుని పదేళ్లు కోర్టు చుట్టూ తిరగడం కంటే నయం. మా అమ్మకు ఆ సంగతి చెప్పేవాళ్లు లేకపోయారు.

మూర్తి_నల్లకుంట (జులై 29)

ఇచ్చేస్తే రేపు ఇంకొకడు ఇదే చేస్తాడు. నాలుగు నెలలు ప్లాట్ కట్టేసినందుకు ఏమీ లేదా? మార్కెట్ పెరిగితే ఆయనకు లాభం, తగ్గితే ఈవిడకు నష్టమా?

ఖమ్మం_శారద (జులై 30)

ఆ సంగతి 13 తర్వాత చూస్తాను. వకీలుకు చూపించి, ఆయన రెండు మాటలు మార్చాక, ఈ రోజు స్పీడ్ పోస్టులో పంపాను. ఇదే ఫొటో తీసి ఆయన వాట్సాప్‌కు కూడా నేరుగా పెట్టాను. ఎవరికైనా పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను:

"గౌరవనీయులైన ... గారికి,

ఏప్రిల్ 10న మనం రాసుకున్న అగ్రిమెంట్ ప్రకారం జూన్ 9లోగా రిజిస్ట్రేషన్ పూర్తి కావాలి. మీరు కోరినందున మొదట జూన్ 24కు, తర్వాత జులై 30కి మార్చాను. వినాయక చవితి తర్వాతకు మార్చమని జులై 26న మీరు చేసిన కోరికకు నేను ఒప్పుకోవడం లేదు.

చివరి అవకాశంగా ఆగస్టు 13, బుధవారం నాడు రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం. దయచేసి ఆగస్టు 7 సాయంత్రం 5 గంటల్లోగా చలానా కట్టి, 13వ తేదీకి స్లాట్ రసీదు నాకు పంపండి. మిగిలిన 37 లక్షల రూపాయలు ఆ రోజు డీడీ రూపంలో ఇవ్వాలి. నేను ఒరిజినల్ డాక్యుమెంట్లు, లింకు డాక్యుమెంట్లు, ఈసీతో ఉదయం 10.30 నుంచి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంటాను.

ఈ తేదీ ఇకపై మన ఒప్పందంలో ముఖ్య షరతు. దీన్ని మళ్లీ మార్చను. ఆ రోజు మీ వైపు నుంచి పూర్తి కాకపోతే అగ్రిమెంట్ ఆ రోజుతో ముగుస్తుంది. అడ్వాన్స్ విషయంలో అగ్రిమెంట్ షరతు వర్తిస్తుంది.

ఇట్లు, ..."

పంచాంగం చూపించే 13 అని పెట్టాను.

కొనేవాడి_వైపు (జులై 30)

చదివాను. బెదిరింపులా లేదు, ఒప్పుకుంటున్నాను. ఒక్క తేదీయే అయినా ఎందుకు వచ్చిందో మొదటి పేరాలో ఉంది.

ఖమ్మం_శారద (ఆగస్టు 1)

ఫోన్ల మీద ఫోన్లు. నేను ఎత్తలేదు, "దయచేసి మెసేజ్ పెట్టండి" అని రాశాను. అప్పుడు వాయిస్ నోట్ వచ్చింది: "మేడమ్, 13 కాదు, 18 సోమవారం చేద్దాం, ఐదు రోజులే కదా. మీకు ఖమ్మంలో ఫ్లాట్ ఉందని తెలుసు, అందాక ఒక లక్ష ఇస్తాను." నేను ఏమీ అనకముందే రాత్రి నా ఖాతాలో యూపీఐ ద్వారా లక్ష రూపాయలు పడ్డాయి! 18 అయితే నా 20 గడువుకు సరిపోతుంది, నిజం చెప్పాలంటే. ఏం చేయను?

వంశీ_డాలస్ (ఆగస్టు 1)

ఐదు రోజులే కదా అక్కా, పైగా లక్ష పంపాడు. ఒప్పుకుంటే పోలా?

పాత_దస్తావేజు (ఆగస్టు 1)

వద్దు. 18 చెడ్డ తేదీ కాదు. కానీ ఇప్పుడు దానికి సరే అంటే మీ ఉత్తరం చిత్తు కాగితం అయిపోతుంది. "మళ్లీ మార్చను" అన్న రెండో రోజే మార్చినట్టు లెక్క. ఆపైన 18 కూడా తప్పితే, ఇంకోసారి మొదటి నుంచి నోటీసు ఇచ్చుకోవాలి.

లక్ష ఉంచుకోవడం ఇంకా ప్రమాదం. గడువు దాటించడానికి మీరు డబ్బు తీసుకున్నారని చెప్పుకోవడానికే అది పనికొస్తుంది. ఈ రోజే, వచ్చిన ఖాతాకే తిప్పి పంపండి. పంపాక ఒకే మెసేజ్: "మీరు పంపిన లక్ష రూపాయలు తిప్పి పంపాను. రిజిస్ట్రేషన్ తేదీ ఆగస్టు 13, మార్పు లేదు. చలానాకు గడువు 7 సాయంత్రం 5." అంతే. వాయిస్ నోట్‌కు వాయిస్ నోట్‌తో జవాబు ఇవ్వకండి. ఆయనది మాత్రం డిలీట్ చేయకుండా ఉంచండి.

ఖమ్మం_శారద (ఆగస్టు 2)

తిప్పి పంపాను. మెసేజ్ కూడా అచ్చం అలాగే. మా కొలీగ్ స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ "ఐదు రోజులకు ఇంత పట్టుదల ఏంటి టీచర్" అన్నారు. "మీ బావమరిదికి అన్నీ రాసి పంపానండి, ఆయన్నే అడగండి" అని క్లాసుకు వెళ్లిపోయాను. టెన్షన్‌గానే ఉంది.

తెనాలి_పద్మ (ఆగస్టు 2)

శభాష్ అండీ. ఇక్కడే మా అమ్మ కరిగిపోయేది.

ఖమ్మం_శారద (ఆగస్టు 7, రాత్రి)

5 గంటలకు ఏమీ రాలేదు. 6.20కి చలానా, స్లాట్ రసీదు ఫొటోలు పంపాడు. 13వ తేదీ, 11.30 స్లాట్. ఆయన పేరు మీదే. 5 దాటింది కదా, ఇది చెల్లుతుందా?

మూర్తి_నల్లకుంట (ఆగస్టు 7)

చెల్లదు! 5 అంటే 5. ఇప్పుడే రద్దు మెసేజ్ పెట్టండి. ఇంతకంటే మంచి అవకాశం రాదు.

పాత_దస్తావేజు (ఆగస్టు 7)

మూర్తి గారూ, ఆవిడకు కావాల్సింది 37 లక్షలు. గెలిచాననే పేరు కాదు. గంటా ఇరవై నిమిషాల ఆలస్యానికి రద్దు చేస్తే, 3 లక్షల పైన కట్టినవాడి మీద కోర్టుకు జాలి కలుగుతుంది. శారద గారూ, ఇలా రాయండి: "చలానా, స్లాట్ రసీదు 7వ తేదీ 6.20కి అందాయి. ఈ ఆలస్యాన్ని పట్టించుకోవడం లేదు. 13వ తేదీ షరతులు యథాతథం." సడలించింది ఏదో, సడలించనిది ఏదో రెండూ అందులో ఉండాలి.

13న ఆయన రాకపోయినా మీరు మాత్రం తప్పకుండా వెళ్లండి. ఒరిజినల్స్ పట్టుకుని, ఇద్దరు సాక్షులతో. ఎవరు సిద్ధంగా ఉన్నారనేదే తర్వాత పెద్ద ప్రశ్న. కొనేవాడు కేసు వేస్తే, తాను మొదటి నుంచీ సిద్ధంగా ఉన్నానని రుజువు చేసుకోవాల్సింది ఆయనే. మీరు అక్కడ ఉంటే ఆ పని ఆయనకు కష్టమవుతుంది. కేసు వేయడానికి ఆయనకు మూడేళ్ల గడువు ఉంటుంది కాబట్టి, ఆ రోజు తాలూకు ప్రతి కాగితం, బస్సు టికెట్‌తో సహా, మూడేళ్లూ దాచండి.

నవీన్_ఉప్పల్ (ఆగస్టు 8)

మేడమ్, 1 శాతం టీడీఎస్ పట్టుకుంటారు, 37 లక్షలు పూర్తిగా రావు, చూసుకోండి.

పాత_దస్తావేజు (ఆగస్టు 8)

50 లక్షల లోపు కదా నవీన్ గారూ, ఇక్కడ ఆ టీడీఎస్ రాదు. కానీ ఆ రోజు ఆ వంకతో తక్కువ డీడీ తెస్తే ఏం చెప్పాలో ఆవిడకు ముందే తెలిసింది, మంచిదే. డీడీ ఫొటో 12నే అడగండి. డీడీ చేతికి వచ్చి, మీ పేరు, అంకెలు సరిచూసుకున్నాకే వేలిముద్ర వేయండి.

ఖమ్మం_శారద (ఆగస్టు 12)

డీడీ ఫొటో అడిగాను. "రేపు చూపిస్తాను మేడమ్" అన్నాడు. రేపు పొద్దున్నే బయలుదేరుతున్నాను, తమ్ముడు, మరదలు సాక్షులుగా వస్తున్నారు.

ఖమ్మం_శారద (ఆగస్టు 13, సాయంత్రం)

అయిపోయిందండి. 10.30కి నేను వెళ్లాను. 11.30 స్లాట్‌కు ఆయన 11.25కి వచ్చాడు. రెండు డీడీలు, ఒకటి 30, ఒకటి 7. వెంట ఇంకో కుటుంబం కూడా వచ్చింది. వాచ్‌మన్ చెప్పిన రెండు కుటుంబాల్లో ఒకటి అనుకుంటాను. లోపలికి వెళ్లేముందు "వీళ్ల పేరు మీద చేసేద్దామా మేడమ్, నాకు డబుల్ ఖర్చు తప్పుతుంది" అని అడిగాడు. డాక్యుమెంట్ మీ పేరుతో తయారైంది, స్లాట్ మీ పేరు మీద ఉంది, అగ్రిమెంట్ కూడా మీ పేరు మీదే అన్నాను. ఇంకేం మాట్లాడలేదు. డీడీలు నా పర్సులో పెట్టుకున్నాకే వేలిముద్ర వేశాను.

కొలీగ్ ఇంకా మాట్లాడటం లేదు.

మూర్తి_నల్లకుంట (ఆగస్టు 13)

మంచిది. కానీ 5 లక్షల జప్తు సంగతి తేలలేదు. "బయానా మరియు భాగముగా" అని రెండూ ఉంటే ఏది లెక్క? నేను ఇప్పటికీ జప్తు చెల్లుతుందనే అంటాను.

తెనాలి_పద్మ (ఆగస్టు 14)

మా వకీలు మాత్రం చెల్లదంటున్నారు. మా కాగితంలోనూ అవే మాటలున్నాయి. కేసు తేలాక వచ్చి చెబుతాను.